కిలోల్లో వెళ్లి సంఖ్యలో తిరిగొచ్చే సరుకు: ఈఆర్‌పీలో జాబ్ వర్క్ లెక్క మొదటి నుంచి చివరి దాకా

బాలానగర్, చర్లపల్లి వైపు చిన్న ఇంజనీరింగ్ యూనిట్లలో స్టోర్ మనిషిని అడిగితే తన గదిలో ఏ రాడ్డు ఎన్ని కిలోలు ఉందో వెంటనే చెబుతాడు. బయటి లేత్ షాపులో మన రాడ్డు ఎంత మిగిలిందని అడిగితే మాత్రం పుస్తకం తిరగేస్తాడు, ఆ పైన లేత్ షాపుకి ఫోన్ చేస్తాడు. స్టాకు, కొనుగోళ్లు, ఖాతాలు ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ నేను పెట్టిన చోటల్లా ముందు అడిగే ప్రశ్న ఇదే. ఎందుకంటే రాడ్డు అక్కడున్నా మనదే. మనం డబ్బు పెట్టి కొన్నాం, దాని మీద జీఎస్టీ క్రెడిట్ తీసుకున్నాం. చోటు మారిందే తప్ప యజమాని మారలేదు.

మన సరుకు బయటివాళ్లకి ఇచ్చి పని చేయించుకోవడమే జాబ్ వర్క్. యజమాని మారలేదన్న ఆ ఒక్క సంగతిని సాఫ్ట్‌వేర్‌కి సరిగ్గా చెప్పడమే జాబ్ వర్క్ ఎంట్రీ. చాలామంది దాన్ని అడ్డదారిన చేస్తారు. పంపేటప్పుడు అమ్మకపు బిల్లు, వచ్చేటప్పుడు కొనుగోలు బిల్లు వేస్తారు. లేదంటే పంపింది కాగితం మీద రాసుకుని, వచ్చిన సరుకుని మాత్రం కొత్తగా కొన్నట్టు ఎక్కిస్తారు. మొదటి దారిలో లేని అమ్మకం పుడుతుంది. రెండో దారిలో రాడ్డు కూడా స్టాకులోనే ఉంటుంది, దాంతో చేసిన పిన్నూ స్టాకులో ఉంటుంది. ఒకే ఇనుము రెండుసార్లు కనిపిస్తుంది.

ఇక్కడ ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్ 15వ వెర్షన్‌లో ఒక ఆర్డర్‌ని మొదటి నుంచి చివరి దాకా నడిపి చూపిస్తాను. 13వ వెర్షన్ దాకా ఇదంతా పర్చేజ్ ఆర్డర్, పర్చేజ్ రిసీట్‌లతోనే జరిగేది. 14 నుంచి సబ్‌కాంట్రాక్టింగ్‌కి, అంటే జాబ్ వర్క్‌కి, విడిగా ఆర్డర్, రిసీట్ వచ్చాయి. తెర మీద కనిపించే పేర్లను ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు బటన్ల పేర్లు మారతాయి కానీ లెక్క ఇదే.

మన ఉదాహరణ

25 మి.మీ. ఈఎన్8 రకం ఉక్కు రౌండ్ రాడ్డు కొని, బయటి లేత్ షాపుకి పంపి, 22 మి.మీ. వ్యాసం, 150 మి.మీ. పొడవున్న పిన్నులు 500 చేయించుకుంటున్నాం అనుకుందాం. రాడ్డు ధర కిలో 80 రూపాయలు, షాపుకి ఇచ్చే చార్జీ పిన్నుకి 18 రూపాయలు, తురుము అమ్మితే కిలోకి 30 రూపాయలు. ఈ ధరలు లెక్క కోసం నేను అనుకున్నవే.

కావాలనే ఈ ఉదాహరణ ఎంచుకున్నాను. పౌడర్ కోటింగ్ లాంటి పనికి వంద బ్రాకెట్లు పంపితే వంద బ్రాకెట్లే తిరిగొస్తాయి, అందులో తప్పు జరిగే చోట్లు తక్కువ. ఇక్కడ కిలోలు వెళ్లి సంఖ్యలు తిరిగొస్తాయి. మధ్యలో తురుము రాలుతుంది, కొస ముక్కలు మిగులుతాయి, కొన్ని పిన్నులు పాడవుతాయి. దీన్ని నడపగలిగితే మిగతావి తేలిక.

1. ముందు కాగితం మీద: ఒక పిన్నుకి ఎంత రాడ్డు?

సాఫ్ట్‌వేర్ తెరవకముందు చేయాల్సిన పని ఇది. ఇక్కడ తప్పితే తర్వాత ఏ రిపోర్టూ కుదరదు. ఉక్కు రౌండ్ రాడ్డు బరువుకి వర్క్‌షాపుల్లో అందరూ వాడే సూత్రం ఉంది:

```
మీటరు బరువు (కిలోలు) = వ్యాసం × వ్యాసం ÷ 162
25 × 25 ÷ 162 = 3.858
```

పిన్ను పొడవు 150 మి.మీ., కోతకి 3 మి.మీ. కలిపితే 153. అంటే 0.590 కిలోలు. చాలామంది ఇక్కడే ఆగి, ఒక వస్తువుకి ఏ ముడిసరుకు ఎంత పడుతుందో చెప్పే బీఓఎంలో 0.590 రాసేస్తారు. కానీ రాడ్డు 6 మీటర్ల పొడవుతో వస్తుంది. 6000ని 153తో భాగిస్తే 39 పిన్నులు, చివర 33 మి.మీ. కొస ముక్క. ఆ ముక్క ఇక పిన్నుకి పనికిరాదు. 6 మీటర్ల రాడ్డు బరువు 23.15 కిలోలు, దాన్ని 39తో భాగిస్తే పిన్నుకి పడేది 0.594 కిలోలు. తేడా 4 గ్రాములే కదా అనిపిస్తుంది. 500 పిన్నులకు అది 2 కిలోలు. నెలకి పదివేల పిన్నులు చేయించే యూనిట్లో 40 కిలోలు. ఆ 40 కిలోలు ఏ దొంగతనమూ లేకుండానే లెక్కలో మాయమై, చివరికి లేత్ షాపు ఆయనతో తగువుకి వస్తాయి.

ఇప్పుడు తురుము చూద్దాం. తయారైన పిన్ను బరువు ఇదే సూత్రంతో 0.448 కిలోలు. 0.594 లోంచి తీసేస్తే 0.146 కిలోలు మిగిలింది. ఇందులో కోతలో పోయే పొడి సుమారు 12 గ్రాములు, అది చేతికి రాదు. చేతికొచ్చే తురుము, కొస ముక్కలు కలిపి పిన్నుకి 0.13 కిలోలు అని పెట్టుకుందాం. ఈ అంకెలు కాగితం మీద తేలాక, ఒక రాడ్డు మీద మనమే నిలబడి చేయించి తూచి చూసుకోవడం మంచిది.

2. ఐటమ్స్, గోదాము, బీఓఎం

నాలుగు ఐటమ్స్ కావాలి. రాడ్డు: స్టాక్ ఐటమ్, యూనిట్ కిలో. పిన్ను: స్టాక్ ఐటమ్, యూనిట్ సంఖ్య, ఇందులో `Supply Raw Materials for Purchase` టిక్ చేయాలి. తురుము: స్టాక్ ఐటమ్, యూనిట్ కిలో. నాలుగోది లేత్ షాపు చేసే పని, అంటే "పిన్ను టర్నింగ్ చార్జీ". ఇది సరుకు కాదు, సేవ. అందుకని `Maintain Stock` టిక్ తీసేయాలి. ఈ టిక్ మర్చిపోతే పర్చేజ్ ఆర్డర్ దగ్గరే అడ్డం తగులుతుంది.

తర్వాత గోదాము. ప్రతి జాబ్ వర్కర్‌కీ విడిగా ఒక వేర్‌హౌస్ తెరవండి. అన్నిటినీ "జాబ్ వర్క్" అనే గ్రూపు వేర్‌హౌస్ కింద పెడితే, బయట మొత్తం ఎంత సరుకుందో ఒక్కచోట కనిపిస్తుంది. అందరికీ కలిపి ఒకటే గోదాము పెట్టిన యూనిట్లను చూశాను. మొత్తం మాత్రం సరిపోయేది. ఎవరి దగ్గర ఎంత తగ్గిందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకాయన దగ్గర పోయిన ఇనుము ఇంకొకాయన దగ్గర మిగిలిన ఇనుము కింద కప్పబడిపోయేది.

బీఓఎం పిన్ను పేరు మీద, పరిమాణం 1. ముడిసరుకుగా రాడ్డు 0.594 కిలోలు. `Scrap & Process Loss` ట్యాబులో తురుము 0.13 కిలోలు, రేటు 30. లేత్ చార్జీని ఇందులో ఆపరేషన్‌గా వేయకండి. అది పర్చేజ్ ఆర్డర్ నుంచి ఎలాగూ వస్తుంది, ఇక్కడ కూడా వేస్తే బీఓఎం చూపే పిన్ను ఖరీదులో 18 రూపాయలు ఊరికే కలుస్తాయి.

ఆ పైన `Subcontracting BOM` అనే చిన్న డాక్యుమెంట్ ఉంది. "ఈ పిన్నుకి ఈ బీఓఎం, ఈ సేవ ఐటమ్, ఒక పిన్నుకి ఒక సేవ" అని అందులో ఒక్కసారి రాసి పెడితే, ఆర్డర్ వేసిన ప్రతిసారీ చేత్తో జత చేసే పని తప్పుతుంది.

3. రెండు సెట్టింగులు, వాటిలో ఒకటి చాలా ముఖ్యం

`Buying Settings` తెరవండి. అక్కడ `Backflush Raw Materials of Subcontract Based On` అనే ఎంపిక ఉంటుంది. పిన్నులు తిరిగొచ్చినప్పుడు జాబ్ వర్కర్ గోదాములోంచి ఎంత రాడ్డు తగ్గించాలన్నది ఇదే నిర్ణయిస్తుంది.

`BOM` ఎంచుకుంటే ఒక్కో పిన్నుకి 0.594 చొప్పున తగ్గిస్తుంది, వాడకం అంకెను మార్చనివ్వదు. పౌడర్ కోటింగ్ లాంటి ఒకటికి ఒకటి పనులకు ఇది చాలు. `Material Transferred for Subcontract` ఎంచుకుంటే మనం నిజంగా పంపిన పరిమాణం ఆధారంగా లెక్క వేస్తుంది, వాడకం అంకెను దిద్దుకోనిస్తుంది. తూకంతో నడిచే సరుకుకి నేను రెండోదే పెడతాను. లేత్ మీద నిజంగా అయ్యే వాడకం ఎప్పుడూ బీఓఎంతో అచ్చంగా కలవదు. దిద్దే వీలు లేకపోతే ఆ తేడా జాబ్ వర్కర్ గోదాములో నెలనెలా పేరుకుంటుంది.

ఆ స్వేచ్ఛకి తగ్గ బాధ్యత కూడా ఉంది. ఈ పద్ధతిలో తెర చూపే అంకెను చూడకుండా సబ్మిట్ కొడితే తప్పు ఖాయం. ఎందుకో రిసీట్ దగ్గర చెబుతాను.

రెండోది `Over Transfer Allowance (%)`. 500 పిన్నులకు బీఓఎం ప్రకారం 297 కిలోలు కావాలి. కానీ రాడ్డుని కోసి పంపం కదా, 13 రాడ్లు పంపాలి. అవి సుమారు 301 కిలోలు. ఆర్డర్ కంటే 1.35 శాతం ఎక్కువ. ఇక్కడ 0 ఉంటే ఎంట్రీ ఆగిపోతుంది. 3 పెట్టండి. 20, 30 పెట్టి తలనొప్పి వదిలించుకోవద్దు. 2970 అని ఒక సున్నా ఎక్కువ కొట్టినప్పుడు ఆపేది ఈ గడే.

4. ఆర్డర్ వేయడం

పర్చేజ్ ఆర్డర్ తెరిచి `Is Subcontracted` టిక్ చేయండి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. `Item Code` దగ్గర పిన్ను కాదు, టర్నింగ్ చార్జీ రావాలి: పరిమాణం 500, రేటు 18. పక్కన `Finished Good Item` దగ్గర పిన్ను, `Finished Good Item Qty` దగ్గర 500. మనం కొంటున్నది పిన్ను కాదు, పని. పిన్నుకి కావలసిన ఇనుము మనదే. `Supplier Warehouse` దగ్గర ఆ లేత్ షాపు గోదాము పెట్టండి.

ఆర్డర్ షరతుల్లో మూడు మాటలు రాసుకోండి: పిన్నుకి ఎంత రాడ్డు లెక్క, తురుము ఎవరిది, ఎంత శాతం దాకా పాడైతే మనం భరిస్తాం. నోటి మాట మీద నడిచినన్నాళ్లూ బాగానే ఉంటుంది, లోడు పాడైన రోజున ఎవరి మాట వాళ్లకి గుర్తుంటుంది.

సబ్మిట్ చేశాక అక్కడి నుంచే `Subcontracting Order` సృష్టించండి. అందులో కింద ముడిసరుకుల పట్టిక కనిపిస్తుంది: రాడ్డు, 297 కిలోలు. ఆ అంకె 297 కాకుండా ఇంకేదైనా ఉంటే ముందుకెళ్లకండి. తప్పుడు బీఓఎం తగిలిందన్న మాట. పిన్నుకి పాత బీఓఎం ఇంకా డిఫాల్ట్‌గా ఉండిపోవడం దీనికి మామూలు కారణం.

5. రాడ్లు పంపడం

సబ్‌కాంట్రాక్టింగ్ ఆర్డర్‌లో `Transfer` కింద `Material to Supplier` నొక్కితే స్టాక్ ఎంట్రీ తెరుచుకుంటుంది. దాని రకం `Send to Subcontractor`. మన స్టోర్ నుంచి లేత్ షాపు గోదాముకి. పరిమాణం 297 అని అదే వస్తుంది. దాన్ని చెరిపి కాటా మీద వచ్చిన 301 వేయండి. రాడ్లు 13 అని వివరణలో రాయండి. అవతలివాళ్లు దించుకునేటప్పుడు ముందు లెక్కపెట్టేది రాడ్లనే.

సరుకుతో పాటు వెళ్లాల్సింది డెలివరీ చలాన్. సీజీఎస్టీ నిబంధన 55 ప్రకారం మూడు ప్రతులు: సరుకు అందుకునేవాళ్లకి ఒకటి, రవాణాదారుకి ఒకటి, మనకి ఒకటి. వరుస నంబరు, తేదీ, ఇద్దరి పేర్లు, చిరునామాలు, జీఎస్టీ నంబర్లు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పరిమాణం, విలువ, సంతకం ఉండాలి. ఈ స్టాక్ ఎంట్రీనే ఆ రూపంలో ప్రింట్ తీసుకోండి. చలాన్ పుస్తకం వేరుగా చేత్తో రాస్తే రెండు నంబర్ల వరుసలు తయారై, ఏడాది చివర వాటిని కలపడానికి ఒక మనిషి వారం రోజులు కూర్చోవాలి.

విలువ 301 × 80, అంటే 24,080 రూపాయలు. రాష్ట్రం లోపలే కాబట్టి, ఈ విలువకి ఈ-వే బిల్లు పరిమితి దాటలేదు. అదే లేత్ షాపు వేరే రాష్ట్రంలో ఉంటే, జాబ్ వర్క్‌కి పంపే సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తప్పనిసరి. హైదరాబాద్ నుంచి హోసూరుకో పుణెకో పంపేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పంపిన తేదీకి ఇంకో ప్రాముఖ్యం ఉంది. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 143 ప్రకారం ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడుపోవాలి. యంత్రాల లాంటి క్యాపిటల్ గూడ్స్ అయితే మూడేళ్లు. డైలు, అచ్చులు, జిగ్గులు, ఫిక్స్చర్లు, పనిముట్లకు గడువు లేదు. ఏడాది దాటితే, పంపిన రోజునే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను, వడ్డీ అడుగుతారు. గడువు లెక్క సరుకు మీద కాదు, చలాన్ మీద నడుస్తుంది. కాబట్టి పంపే తేదీని వెనక్కీ ముందుకీ జరపకండి.

6. పిన్నులు రావడం: అసలు పరీక్ష ఇక్కడే

మొదటి లోడులో 300 పిన్నులు వచ్చాయి. గేజ్ పెట్టి చూస్తే 10 పిన్నుల వ్యాసం తక్కువైంది. అవి పనికిరావు. తురుము 39 కిలోలు వచ్చింది.

సబ్‌కాంట్రాక్టింగ్ ఆర్డర్ నుంచి `Subcontracting Receipt` సృష్టించండి. అంగీకరించినవి 290, తిరస్కరించినవి 10. తిరస్కరించిన వాటికి వేరే గోదాము పెట్టండి. తురుమును కూడా ఇదే రిసీట్‌లో, నిజంగా తూచిన బరువుతో తీసుకోండి.

ఇప్పుడు కింద ఉన్న ముడిసరుకుల వాడకం పట్టికకి రండి, `Consumed Qty` చూడండి. అక్కడ మనం ఆశించే 178.2 రాదు. 300 పిన్నులు తయారవడానికి నిజంగా ఖర్చయింది 300 × 0.594, అంటే 178.2 కిలోలు. పాడైన పదీ కూడా ఇనుము తిన్నాయి. కానీ మనం ఎంచుకున్న పద్ధతి పంపిన 301 కిలోలను 500 పిన్నులకు పంచి చూపిస్తుంది. 300 మీద పంచితే 180.6 అవుతుంది, అంగీకరించిన 290 మీదే పంచితే 174.6 అవుతుంది. ఏది కనిపించినా అది పంపకం లెక్కే, వాడకం లెక్క కాదు. దాన్ని చెరిపి 178.2 వేయండి.

ఈ ఒక్క అడుగు వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 174.6 ఉండనిస్తే లేత్ షాపు గోదాములో 3.6 కిలోలు లేని ఇనుము ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రతి లోడుకీ ఇలా జరిగితే ఆరు నెలల్లో ఆ గోదాము నిల్వ పెరుగుతూనే ఉంటుంది. మనం వెళ్లి "మా రాడ్డేది?" అని అడుగుతాం. ఆయన దగ్గర రాడ్డు ఎప్పుడూ లేదు, అది మన స్క్రాప్ డబ్బాలో పాడైన పిన్నుల రూపంలో పడి ఉంది. ఒక చోట ఇలాంటి గొడవలో పదిహేనేళ్ల పరిచయం తెగిపోయే దాకా వచ్చింది. చివరికి తప్పు ఈ గడిలో దొరికింది.

సరిగ్గా వేస్తే లేత్ షాపు గోదాములో మిగిలేది 301 − 178.2 = 122.8 కిలోలు.

ఖరీదు ఎలా పడిందో కూడా చూద్దాం. 178.2 కిలోల రాడ్డు విలువ 14,256 రూపాయలు. సిస్టమ్ మామూలుగా దీన్ని అంగీకరించిన 290 పిన్నుల మీదే పంచుతుంది: పిన్నుకి 49.16. చార్జీ 18. తురుము 39 కిలోలు × 30 = 1,170, పిన్నుకి 4.03 తగ్గుతుంది. మొత్తం 63.13 రూపాయలు. ఒక్క పిన్నూ పాడవకపోతే ఇది 47.52 + 18 − 3.90 = 61.62 ఉండేది. పిన్నుకి రూపాయిన్నర తేడా. పది పిన్నులు పాడైన భారం మిగతావాటి మీద పడింది. ఈ తేడాను లోడు లోడుకీ గమనిస్తుంటే ఏ షాపులో పని జారుతోందో రేటు చూసే చెప్పవచ్చు.

7. ఆఖరి లోడు ముందు కాటా దగ్గరికి

రెండో లోడులో మిగతా 200 వచ్చాయి, అన్నీ బాగున్నాయి. వాటితో పాటు మిగిలిన రాడ్డు ముక్క కూడా తెప్పించుకున్నాం. 500 పిన్నులకు 12 రాడ్లు పూర్తిగా, పదమూడో దాంట్లోంచి 32 పిన్నులకు సరిపడా పొడవు ఖర్చయి, మీటరు పైచిలుకు ముక్క మిగలాలి. కాటా మీద 4.2 కిలోలు చూపింది. లెక్కకి దగ్గరగానే ఉంది.

రిసీట్ సబ్మిట్ చేసే ముందే ఈ తూకం చేయాలి. ఎందుకంటే ఆఖరి రిసీట్‌లో ఆర్డర్ పూర్తవుతుంది కాబట్టి, గోదాములో మిగిలినదంతా, అంటే 122.8 కిలోలూ, వాడేసినట్టు చూపించే ప్రమాదం ఉంది. అలా వదిలితే మన చేతిలో ఉన్న 4.2 కిలోల ముక్కకి లెక్కలో చోటే ఉండదు. బీఓఎం ప్రకారం వాడకం 200 × 0.594 = 118.8. కానీ చేతిలో నిజమైన ముక్క ఉన్నప్పుడు దాన్నే నమ్మాలి: 122.8 − 4.2 = 118.6. ఆ అంకె వేసి సబ్మిట్ చేయండి.

తర్వాత సబ్‌కాంట్రాక్టింగ్ ఆర్డర్‌కి తిరిగి వెళ్లి `Return of Components` నొక్కండి. లేత్ షాపు గోదాము నుంచి మన స్టోర్‌కి 4.2 కిలోలు. దీంతో ఈ ఆర్డర్ తాలూకు నిల్వ అక్కడ సున్నా అవుతుంది. ఆర్డర్ ముగిసిన ప్రతిసారీ ఆ గోదాములో ఆ ఆర్డర్ సరుకు సున్నాకి రావాలన్నది నేను పెట్టుకున్న నియమం. "వచ్చే ఆర్డర్‌కి అక్కడే ఉండనీ" అని వదిలిన ముక్కలే ఏడాది గడువు దాటేవి.

పాడైన 10 పిన్నులకు బదులు కావాలి కదా. పాత ఆర్డర్‌ని సాగదీయకుండా 10 పిన్నులకు కొత్త ఆర్డర్ వేయండి. దీనికి 5.94 కిలోలు కావాలి. తిరిగొచ్చిన 4.2 కిలోల ముక్కలో ఏడు పిన్నులు వస్తాయి. ఇంకో మూడింటికి అర మీటరుకి కొంచెం తక్కువ ముక్క, 1.8 కిలోలు, జత చేసి 6.0 కిలోలు పంపండి. మన 3 శాతం హద్దులోనే ఉంది. పాడైన పదింటి తాలూకు రాడ్డు విలువ 475 రూపాయలు. 500లో 10 అంటే 2 శాతం. షరతుల్లో ఒప్పుకున్న శాతం లోపలైతే మనదే భారం, దాటితే దాటినంత మేరకు ఆయన దగ్గర వసూలు చేసుకోవాలి.

8. బిల్లు

లేత్ షాపు బిల్లు 490 పిన్నులకే, 18 చొప్పున 8,820 రూపాయలు, దానిపై జీఎస్టీ. పర్చేజ్ ఆర్డర్ నుంచి పర్చేజ్ ఇన్వాయిస్ తీస్తే 500 అని వస్తుంది, 490కి దిద్దండి. `Update Stock` టిక్ ఉండకూడదు. మిగిలిన పదికి పాత పర్చేజ్ ఆర్డర్‌ని `Close` చేసేయండి, వాటి చార్జీ కొత్త ఆర్డర్ మీద వస్తుంది.

అకౌంటెంట్ చూడాల్సిన చోటు ఒకటుంది. రిసీట్ సబ్మిట్ అయినప్పుడు, చార్జీ 18 రూపాయలు పిన్ను విలువలో చేరి, అంతే మొత్తం రిసీట్ లైనులో ఉన్న ఖర్చు ఖాతాకి క్రెడిట్ అవుతుంది. ఇన్వాయిస్ వేసినప్పుడు ఇన్వాయిస్ లైనులో ఉన్న ఖర్చు ఖాతాకి డెబిట్ అవుతుంది. రెండు చోట్లా "జాబ్ వర్క్ చార్జీలు" అనే ఒకే ఖాతా ఉంటే అవి ఒకదాన్నొకటి కొట్టేసి సున్నా అవుతాయి. వేరువేరు ఖాతాలుంటే ఒకటి డెబిట్‌లో, ఒకటి క్రెడిట్‌లో ఏడాదంతా పెరుగుతాయి. ఈ ఒక్క ఖాతా నెలాఖరు నిల్వ చూస్తే బిల్లు రాని లోడులు ఎన్నున్నాయో కూడా తెలుస్తుంది.

తురుము లేత్ షాపులోనే వదిలేసే ఒప్పందమైతే దాన్ని లెక్కలో వదిలేయకండి. సెక్షన్ 143 ఉపవిభాగం 5 ప్రకారం, రిజిస్ట్రేషన్ ఉన్న జాబ్ వర్కర్ ఆ తురుమును పన్ను కట్టి తన దగ్గర నుంచే అమ్మవచ్చు. ఆయనకి రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ అమ్మకం మనమే చూపాలి. మన ఉదాహరణలో అది 65 కిలోలు, దాదాపు 1,950 రూపాయలు.

9. నెలకోసారి, ఆరు నెలలకోసారి

నెలాఖరున `Stock Balance` రిపోర్టును లేత్ షాపు గోదాము మీద తీయండి. ఆ కాగితం పట్టుకుని మన మనిషి అక్కడికి వెళ్లి, ఉన్న రాడ్లు లెక్కపెట్టి, ముక్కలు తూచి, ఇద్దరూ సంతకం పెట్టాలి. తేడా వస్తే దాని దిక్కును బట్టి కారణం పట్టుకోవచ్చు. పుస్తకంలో ఎక్కువ, అక్కడ తక్కువ ఉంటే ముందు తిరస్కరించిన పిన్నుల వాడకం వేశారో లేదో చూడండి, తర్వాత బీఓఎంలో కొస ముక్క కలిసిందో లేదో చూడండి. పుస్తకంలో తక్కువ, అక్కడ ఎక్కువ ఉంటే, మనం పంపిన లోడు ఏదో ఎంట్రీ పడలేదు, లేదా మిగిలిన ముక్కను వాడేసినట్టు చూపించారు. ఈ నాలుగూ చూశాకే అవతలి మనిషిని అడగండి.

`Subcontracted Raw Materials To Be Transferred`, `Subcontracted Item To Be Received` అనే రిపోర్టులు ఇంకా పంపాల్సినవి, ఇంకా రావాల్సినవి చూపుతాయి. రెండోదాన్ని తేదీ వరసలో పెట్టి, పంపి తొమ్మిది నెలలు దాటినవాటిని విడిగా రాసుకోండి. ఏడాది గడువుకి ఇంకా మూడు నెలలుండగా అడిగితే సరుకు వస్తుంది.

ఐటీసీ-04 రిటర్న్ కూడా ఈ ఎంట్రీల నుంచే తయారవుతుంది. 2021 అక్టోబర్ 1 నుంచి, టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లు ఆరు నెలలకోసారి వేయాలి: ఏప్రిల్–సెప్టెంబర్‌ది అక్టోబర్ 25 లోపు, అక్టోబర్–మార్చిది ఏప్రిల్ 25 లోపు. 5 కోట్ల లోపువాళ్లు ఏడాదికోసారి, ఏప్రిల్ 25 లోపు. అందులో పంపిన చలాన్లు ఒక పట్టికలో, తిరిగొచ్చిన సరుకు ఏ చలాన్‌కి చెందిందో ఇంకో పట్టికలో అడుగుతారు. మన రెండు లోడుల పిన్నులూ, 4.2 కిలోల ముక్కా ఒకే చలాన్‌కి చెందుతాయి. కొత్త ఆర్డర్ మీద మళ్లీ పంపిన 6 కిలోలకు వేరే చలాన్, దానికి పంపిన రోజు నుంచి వేరే ఏడాది.